ముప్ఫై నాలుగు, నలభై ఆరు

ఆ షాపులో ఆమెని అందరూ టేపక్క అనే పిలిచేవారు. పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి సాయంత్రం షట్టరు దించేదాకా మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆడవాళ్ల లోదుస్తులమ్మే పెద్ద షాపు అది. రెండో అంతస్తులో, లిఫ్టు దిగగానే కుడిచేతి వైపు, షేప్‌వేర్ కౌంటర్ ఆమెది. పొట్టనీ నడుమునీ తొడల్నీ కాస్త అదిమిపట్టి, పైన వేసుకునే బట్ట నున్నగా జారేట్టు చేసే లోదుస్తులవి. తొమ్మిదేళ్లుగా అవే అమ్ముతోంది.

అమ్మడం కంటే కొలవడంలోనే ఆమెకి పేరు. వచ్చినవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమందికి తమ నడుం ఎక్కడుందో తెలియదు. బొడ్డు మీద చెయ్యి పెట్టి ఇదే నడుమంటారు. "అది కాదమ్మా, ఓసారి పక్కకి ఒంగండి. ఎక్కడ మడత పడిందో అదీ మీ నడుం," అని అక్కడ టేపు చుట్టేది. తర్వాత కాళ్లు రెండూ దగ్గర పెట్టించి, వెనక భాగం ఎక్కడ బాగా ఎత్తుగా ఉంటే అక్కడ హిప్ కొలిచేది. టేపు ముందూ వెనకా ఒకే ఎత్తున ఉందో లేదో అద్దంలో చూసుకునేది. "ఊపిరి బిగపట్టకండి. మీరు బిగపడితే టేపు నమ్ముతుంది గానీ బట్ట నమ్మదు," అనేది. నవ్వేవాళ్లు.

గోడ మీద సైజుల పట్టిక ఉండేది. ఎమ్ అంటే నడుం ఇరవై తొమ్మిది నుంచి ముప్ఫై ఒకటి, హిప్ ముప్ఫై తొమ్మిది నుంచి నలభై ఒకటి. ఎల్ అంటే నడుం ముప్ఫై నాలుగు దాకా, హిప్ నలభై నాలుగు దాకా. ఎక్సెల్ అంటే నడుం ముప్ఫై ఎనిమిది దాకా, హిప్ నలభై ఎనిమిది దాకా. నడుం ఒక సైజులోనూ హిప్ ఇంకో సైజులోనూ పడితే పెద్దదే తీసుకోవాలి. ఈ మాట ఆమె రోజుకి ఇరవైసార్లు చెప్పేది. విన్నవాళ్లు మొహం ముడుచుకునేవారు. "అయ్యో, ఒక సైజు చిన్నది తీసుకుంటే ఇంకా సన్నగా కనిపిస్తాను కదా?" అనేవారు.

అప్పుడు టేపక్క ఓపిగ్గా చెప్పేది. "నొక్కాల్సిందంతా కుట్టేటప్పుడే ఇందులో పెట్టేశారమ్మా. మీ సైజుదే మిమ్మల్ని సరిపడా నొక్కుతుంది. చిన్నది వేస్తే ఒళ్లు ఎటు పోతుంది? మాయమైపోదు కదా. పైన నడుంపట్టీ మీంచి పొంగుతుంది, కింద తొడల దగ్గర పొంగుతుంది. ఉన్నదొక్క మడతయితే అది మూడు మడతలవుతుంది." అంతటితో వదలకుండా, ట్రయల్ రూమ్‌లో ఉన్న స్టూలు చూపించి, కూర్చోమనేది, ఒంగమనేది, గట్టిగా ఊపిరి పీల్చమనేది. అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ సైజయినా బాగానే ఉంటుంది. అసలు సంగతి కూర్చున్నప్పుడే బయటపడుతుంది.

ఇంత తెలిసిన మనిషి, తన సొంత వదిన దగ్గర అబద్ధం చెప్పింది.

వదినంటే ఆమెకి ఒట్టి వదిన కాదు. అమ్మ పోయినప్పుడు టేపక్కకి తొమ్మిదేళ్లు. ఆ మరుసటేడే ఇరవయ్యేళ్ల పిల్లగా ఆ ఇంటికి కోడలై వచ్చింది వదిన. వచ్చిన వారంలోనే ఆడపడుచు తలలో చిక్కులు తీసింది, పుస్తకాలకి అట్టలు వేసింది, జ్వరం వస్తే పక్కనే కూర్చుని పాడింది. వదినది ఏ సంగీతమూ నేర్వని గొంతు, కానీ ఇల్లంతా నిండేది. తర్వాత పోస్టాఫీసులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పొద్దున్నే పరుగులు. పాట ఎప్పుడాగిపోయిందో ఎవరూ గమనించలేదు. యాభై దాటాక, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, పెద్దవాళ్లకి సంగీతం నేర్పే ఆదివారం తరగతిలో చేరింది.

రెండేళ్లు నేర్చుకుంది. ఏడాది చివర లైబ్రరీ పైన హాల్లో కచేరీ పెడతారు. ఈసారి మాస్టారు వదినకి విడిగా రెండు పాటలిచ్చాడు. పాడేవాళ్లందరూ ఒకేలా ఉండాలని, పొడవాటి నీలం గౌన్లు ఎంచుకున్నారు. జారుడు బట్ట, ఒంటికి అంటుకునే రకం. రిహార్సల్లో ఎవరో ఫోటోలు తీసి తరగతి వాళ్లందరికీ పంపారు. పక్క నుంచి తీసిన ఒక ఫోటో కింద, తనతో పాడే ఒకావిడ, "పాట కంటే ముందు పొట్ట వచ్చింది," అని రాసి నవ్వు బొమ్మలు పెట్టింది.

కచేరీకి నాలుగు రోజుల ముందు, వదిన మొదటిసారి టేపక్క షాపుకి వచ్చింది.

"ఏమే అమ్మడూ, నీ కొట్టు చూద్దామని వచ్చాను," అంది గానీ కళ్లు కిందకే ఉన్నాయి. చేతిలో నీలం గౌను సంచి. కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగి, ఫోన్ తీసి ఫోటో చూపించింది. "చూడు. నేను రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నా. ఇలా ఉంటానని నాకు తెలియదే."

టేపక్క ఫోటో చూసింది, కింద రాసిన మాటా చూసింది. ఒళ్లు మండిపోయింది. "ఎవరావిడ? నోటికి అడ్డూ అదుపూ లేదా?"

"ఆవిడ సంగతి వదిలెయ్. నాకేదైనా చెయ్యి."

ట్రయల్ రూమ్‌లోకి తీసుకెళ్లి కొలిచింది. నడుం ముప్ఫై నాలుగు. హిప్ నలభై ఆరు. అద్దంలో వదిన తననే చూస్తోంది. పిల్లల పరీక్షా ఫలితాల కోసం వాకిట్లో నిలబడే తల్లి మొహంలా ఉంది ఆ మొహం. టేపక్క నాలుక చివరిదాకా వచ్చిన అంకె అక్కడే ఆగిపోయింది. వేళ్లు తమంతట తామే టేపుని కొంచెం లాగాయి. బిగించి లాగితే టేపు ఎంత చెప్పమంటే అంతే చెబుతుంది.

"ముప్ఫై రెండు వదినా. హిప్ నలభై మూడు. ఎల్ సరిపోతుంది."

వదిన మొహం విచ్చుకుంది. "నిజంగానా? నేను ఇంకా ఎక్కువుంటాననుకున్నానే!"

ఆ ఒక్క నవ్వుకే చెప్పిన అబద్ధమది. ఇస్తున్నది ఒక్క సైజు తక్కువదే కదా, బట్ట సాగుతుంది, ఒక పూట గడిచిపోతుంది అని మనసుకి సర్దిచెప్పుకుంది టేపక్క. తొమ్మిదేళ్లుగా ఊళ్లో వాళ్లందరికీ కాదని చెప్పిన మాటని తనకి తాను చెప్పుకుంది.

కానీ వదిన అక్కడ ఆగలేదు. "నాది ఎల్లే అయితే, ఎమ్ ఇవ్వవే. ఒక్క సైజేగా. బిగుతుగా ఉంటే ఇంకా సన్నగా ఉంటాను. ఒక్క సాయంత్రమేగా, పళ్ల బిగువున ఓర్చుకుంటాను."

టేపక్క మనసులో లెక్కేసుకుంది. ఒక్కటి కాదు, రెండు సైజులు. వద్దని గట్టిగా చెప్పాలంటే అసలు అంకె చెప్పాలి. చెబితే, ఇందాక చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. "వద్దు వదినా, ఎల్లే తీసుకో, అదే బావుంటుంది," అంది. ఆ గొంతులో బలం లేదు.

"నువ్వెప్పుడూ ఇంతే, పిరికిదానివి," అని నవ్వింది వదిన. నడుం దాటి రొమ్ముల కిందదాకా వచ్చే పొడవాటి రకం, తొడల సగం దాకా కాళ్లుండేది, ఎమ్ సైజు తీసుకుని లోపలికి వెళ్లింది. దాన్ని పైకి లాక్కోడానికి పది నిమిషాలు పట్టింది. బయటికొచ్చి అద్దం ముందు నిలబడింది. పొట్ట చదునుగా ఉంది. ఊపిరి బిగపట్టి ఉందని టేపక్కకి ఒక్కదానికే తెలుసు. స్టూలు అక్కడే ఉంది. కూర్చోమని అనలేదు. ఆ తొమ్మిదేళ్లలో ఆమె ఆ మాట అనకుండా పంపింది వదినని ఒక్కదాన్నే.

కచేరీ రోజు టేపక్క అన్నయ్య పక్కన ముందు వరుసలో కూర్చుంది. హాలు నిండింది. మొదటి పాట చిన్నది, బాగానే సాగింది. వదిన గొంతు కాస్త పల్చగా అనిపించింది గానీ, మొదటిసారి కదా, బెరుకేమో అనుకున్నారు. అన్నయ్య చప్పట్లు కొడుతూ, "మీ వదిన ఎంత సన్నబడిందే!" అని ఆశ్చర్యపోయాడు. టేపక్క నవ్వలేకపోయింది.

రెండో పాటలో ఒక పొడుగు వరస ఉంది. ఒక్క ఊపిరిలో పాడాలి. రెండేళ్లలో వదిన అన్నిటికంటే ఎక్కువ సాధన చేసింది ఆ వరసే. కీబోర్డు ముందున్న మాస్టారు తల ఊపాడు. వదిన ఊపిరి తీసుకుంది. పొట్ట ముందుకి రావాలి, పక్కటెముకలు విచ్చుకోవాలి. రెండూ జరగలేదు. ఊపిరి మెడ దగ్గరే ఆగిపోయింది. అదే క్షణంలో, రొమ్ముల కింద ఉండాల్సిన అంచు జారి మడతపడటం మొదలుపెట్టింది. చుట్టుకుంటూ చుట్టుకుంటూ నడుం దగ్గరికి దిగింది. జారుడు బట్ట గౌనులోంచి, నడుం చుట్టూ తాడు కట్టినట్టు, దాని పైన ఒక మడత, కింద ఇంకో మడత, దీపాల వెలుగులో స్పష్టంగా కనిపించాయి. వదిన చెయ్యి గబుక్కున అక్కడికి వెళ్లింది. వరస మధ్యలో గొంతు తెగింది.

మాస్టారు వాయిస్తూనే ఉన్నాడు. వదిన మళ్లీ అందుకుంది, మళ్లీ తెగింది. మూడోసారి ప్రయత్నించలేదు. తల వంచి, చేతులు పొట్ట మీద పెట్టుకుని, అలాగే నిలబడింది. వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో చిన్నగా నవ్వారు. వేదిక మెట్లు దిగుతుంటే వదిన ఎడమ కాలు తడబడి, పడబోయి రైలింగు పట్టుకుంది.

పక్కగదిలో దాన్ని విప్పడానికి టేపక్కే సాయం చేసింది. నడుం చుట్టూ వేలంత వెడల్పున ఎర్రటి గాడి, తొడల మీద రెండు గాళ్లు. ఎడమ తొడ బయటి వైపు వేలు పెడితే వదినకి తెలియడం లేదు. "చీమలు పాకినట్టుందే," అంది. టేపక్క ఆ గాళ్ల మీద అరచేత్తో రుద్దుతూ ఉండిపోయింది.

"నీ తప్పేముందే అమ్మడూ," అంది వదిన. "నువ్వు ఎల్ తీసుకోమన్నావు. నేనే వినలేదు. అయినా ఒక్క సైజు తగ్గితే ఇంత అవుతుందా? నా ఒళ్లే అంత. పాడటానికి కూడా పనికిరాని ఒళ్లు."

చెప్పాల్సింది అప్పుడే. కానీ గది నిండా పాడేవాళ్లు, పూలు, ఫోటోలు. తర్వాత చెబుదాం అనుకుంది.

ఆ తర్వాత రోజూ అనుకుంటూనే ఉంది. పనిలో ఉన్నా మనసు అక్కడే ఉండేది. కస్టమర్ల నడుం మీద టేపు పెట్టి అంకె చదివి, నమ్మకం లేక మళ్లీ కొలిచేది. "ఏంటి టేపక్కా, ఒంట్లో బాలేదా?" అని షాపు మేడమ్ రెండుసార్లు అడిగింది. వదిన ఆదివారం తరగతి మానేసిందని అన్నయ్య చెప్పాడు. అన్నం సగం తగ్గించిందని, రాత్రి భోజనం పూర్తిగా మానేసిందని చెప్పాడు. "ఏమన్నా అంటే, నా ఒళ్లు నా ఇష్టం అంటోంది. నువ్వు చెబితే వింటుందేమో," అన్నాడు. "చెబుతాలే అన్నయ్యా," అంది. చెప్పలేదు. వదిన ఇంటికి వెళ్లాలంటే మొహం చెల్లలేదు. ఆ ఇంటి వీధి చివర దాకా వెళ్లి, బస్టాపు దగ్గర కాసేపు నిలబడి, వచ్చిన బస్సే ఎక్కి తిరిగొచ్చేసింది ఒకసారి.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే అన్నయ్య ఫోను. గొంతులో కంగారు. "మీ వదిన ఆస్పత్రికి వెళ్తోంది, స్కాన్ తీయించుకుంటానంటోంది. నాకు డ్యూటీ. నువ్వు తోడు వెళ్లవే."

"స్కానా? ఏమైంది?"

"ఒళ్లు వాస్తోందట. నెల్లో మూడంగుళాలు పెరిగిందట. కడుపులో ఏదైనా గడ్డేమోనని భయపడుతోంది. రాత్రంతా నిద్రపోలేదు."

టేపక్క షాపుకి సెలవు చెప్పి పరిగెత్తింది.

ఆస్పత్రి వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వదిన చివరి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన నీళ్ల సీసా. స్కాన్ కోసం ఏమీ తినకుండా వచ్చింది. నెల్లోనే మొహం పీక్కుపోయింది. టేపక్కని చూసి పక్క కుర్చీ మీది సంచి తీసింది.

"ఎందుకొచ్చావే, షాపు మానుకుని?"

"ఏమైంది వదినా?"

వదిన సంచిలోంచి ఒక కాగితం తీసింది. రెండు వరుసల్లో అంకెలు రాసి ఉన్నాయి. పైన, టేపక్క చెప్పినవి: ముప్ఫై రెండు, నలభై మూడు. కింద, ఇంట్లో కుట్టుపెట్టెలోని టేపుతో వదిన తనే కొలుచుకున్నవి: ముప్ఫై నాలుగు, నలభై ఆరు.

"మూడుసార్లు కొలిచాను. నువ్వు చెప్పినట్టే, ఊపిరి బిగపట్టకుండా. సగం అన్నం తింటున్నానే నేను. తగ్గాలి కదా? పెరిగింది. కాలు కూడా ఇంకా మొద్దుబారే ఉంది. మా పిన్నికి ఇలాగే మొదలైంది, ఒళ్లు వాస్తోంది వాస్తోంది అని. ఆర్నెల్లకి..." వదిన ఆ మాట పూర్తి చేయలేదు. కాగితం మడిచి మళ్లీ సంచిలో పెట్టబోయింది.

టేపక్క ఆ కాగితం పట్టుకుంది. ఇద్దరి వేళ్ల మధ్యా అది నలిగింది.

"వదినా, నువ్వు వాచలేదు. ఒక్క అంగుళం కూడా పెరగలేదు."

"నీకేం తెలుసు?"

"నాకే తెలుసు. ఆరోజు కూడా ముప్ఫై నాలుగే. నలభై ఆరే. నేనే అబద్ధం చెప్పాను. టేపు లాగాను."

వదిన ఆమె వైపు చూసింది. అర్థం కానట్టు చూసింది ముందు. ఎదురుగా నర్సు ఎవరి పేరో పిలుస్తోంది.

"నీది ఎక్సెల్ వదినా. నేను ఎల్ అన్నాను. నువ్వు ఎమ్ అన్నావు. నువ్వు ఒక సైజే తగ్గించావనుకున్నావు, నేను అంతకు ముందే ఒకటి తగ్గించాను. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను, చెబితే ఇది బయటపడుతుందని. కూర్చుని చూడమని కూడా అనలేదు. ఎవరు వేసుకున్నా మడతపడేది అది. నీ ఒళ్లు కాదు వదినా. నేను."

చెబుతున్నంతసేపూ టేపక్క నేల మీది గచ్చునే చూసింది. వదిన ఏడుస్తుందనుకుంది, లేదా తిడుతుందనుకుంది.

"ఎందుకు?" అంది వదిన.

"నువ్వు ఆ ఫోటో చూపించావు. నీ మొహం చూడలేకపోయాను."

"అంటే, జాలిపడ్డావు."

"వదినా..."

"వచ్చిన ప్రతివాళ్లకీ నిజం చెబుతావని మీ అన్నయ్య గొప్పగా చెప్పుకుంటాడు. ఎవరో తెలియని వాళ్లు తట్టుకోగలరు, నేను తట్టుకోలేననుకున్నావు." వదిన గొంతు పెరగలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. "నేను నిన్ను అంత బలహీనంగా పెంచానా? నేను అంత బలహీనంగా కనిపించానా నీకు?"

నర్సు వదిన నంబరు పిలిచింది. టేపక్క కూడా లేచింది.

"నువ్వు ఇక్కడే కూర్చో," అంది వదిన, వెనక్కి చూడకుండా.

ఇరవై నిమిషాలు. టేపక్క ఆ ఇరవై నిమిషాలూ కాగితాన్ని చేతిలో చదును చేస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల నడుములు కొలిచిందో, వాటిలో ఒక్కటి కూడా గుర్తు లేదు. ఈ నాలుగు అంకెలూ మాత్రం పోవు.

వదిన బయటికొచ్చి, నిలబడే చెప్పింది. డాక్టరమ్మ విషయం వినగానే కాలు చూసిందట. గజ్జల దగ్గర్నుంచి తొడ బయటి వైపుకి వెళ్లే నరం ఒకటుందని, బిగుతు బట్ట గంటల తరబడి అక్కడ నొక్కితే ఇలా మొద్దుబారుతుందని, వదులు బట్టలు వేసుకుంటే కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుందని చెప్పిందట. పొట్ట నొక్కి చూసి, స్కాన్ అక్కర్లేదందట. "ముందు వెళ్లి కడుపునిండా తినండి అంది," అని వదిన నీళ్ల సీసా సంచిలో పెట్టుకుంది.

"పద వదినా, ఏదైనా తిందాం."

"నేను ఇంటికెళ్లి తింటాను. నువ్వు షాపుకి పో."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. టేపక్క రోడ్డు పక్కనే నిలబడిపోయింది. చెప్పేస్తే బరువు దిగుతుందని ఇన్నాళ్లూ అనుకుంది. దిగలేదు. ఇంకో చోటికి మారిందంతే.

పన్నెండు రోజులు వదిన నుంచి ఫోను లేదు. తను చేస్తే అన్నయ్యే ఎత్తాడు. "తింటోంది," అన్నాడు. "తరగతికి కూడా వెళ్లింది. నీతో ఏమైనా గొడవా?" "ఏం లేదన్నయ్యా," అని, ఇది కూడా ఇంకో అబద్ధమే కదా అని నాలుక్కరుచుకుని, "ఉంది. తప్పు నాదే. వదినే చెప్పనీ," అంది.

పదమూడో రోజు మధ్యాహ్నం లిఫ్టు తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. చేతిలో నీలం గౌను సంచి. కౌంటర్ దగ్గర ముగ్గురు కస్టమర్లున్నారు. వదిన వాళ్ల వెనక వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక, చుట్టరికం ఊసెత్తకుండా, "కొలత తీసుకోవాలి," అంది.

ట్రయల్ రూమ్‌లో టేపక్క టేపు చుట్టింది. వేళ్లు వదులుగా ఉంచి, ముందూ వెనకా చూసుకుంది.

"ముప్ఫై నాలుగున్నర," అంది. పన్నెండు రోజులు తిన్న తిండి అది. "హిప్ నలభై ఆరు."

"ఏ సైజు?"

"నడుం ఎల్‌కి కొంచెం దాటింది, హిప్ ఎక్సెల్. ఎక్సెలే."

"ఇవ్వు."

ఈసారి రెండు నిమిషాల్లో వేసుకుంది. దాని మీద గౌను తొడుక్కుంది. టేపక్క నోరు తెరవకముందే స్టూలు లాక్కుని కూర్చుంది. ఒంగింది, లేచింది. తర్వాత కళ్లు మూసుకుని, పాడేముందు తీసుకునే ఊపిరి తీసుకుంది, పొట్ట నుంచి. అంచు ఉన్నచోటే ఉంది. గౌను మీద గీత లేదు, మడత లేదు. పొట్ట ఉంది, ఉన్నంత ఉంది. బట్ట మాత్రం దాని మీంచి నున్నగా జారింది. వదిన అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంది. ఎమ్ వేసుకుని వేదిక మీద నిలబడ్డ రోజు కంటే సన్నగానే కనిపిస్తోంది. ఇది ఇద్దరికీ తెలిసింది.

"ఇంతేనా!" అంది వదిన. ఒక్క క్షణం పాత నవ్వు రాబోయి ఆగింది. "ఇంత చిన్న సంగతికి నెలరోజులు నన్ను నేను తిట్టుకున్నానే."

టేపక్క కళ్లు తుడుచుకుంది. "క్షమించు వదినా."

"చూద్దాంలే," అంది వదిన. ఆ మాటలో కోపమూ లేదు, చనువూ లేదు. "ఇది తీసుకుంటాను. ఆఫీసుకీ పెళ్లిళ్లకీ పనికొస్తుంది. పాడేటప్పుడు మాత్రం ఇది కూడా వేసుకోను. నా ఊపిరికి ఏదీ అడ్డుండకూడదు." గౌను మడత పెడుతూ ఇంకో మాట అంది. "వచ్చే నెల మాస్టారు మళ్లీ చిన్న కార్యక్రమం పెడుతున్నాడు. ఆ పాటే మళ్లీ ఇచ్చాడు. నువ్వు రాకు."

టేపక్కకి తల కొట్టేసినట్టయింది. "సరే వదినా," అంది.

"నీ మీద కోపంతో కాదే. ముందు వరుసలో నీ మొహం కనిపిస్తే, నేను బాగుండాలని నువ్వు పడే ఆరాటమంతా కనిపిస్తుంది. దానికోసం పాడతాను. నాకోసం పాడుకోవాలి ఈసారి."

ఆ కార్యక్రమం రోజు టేపక్క షాపులోనే ఉంది. కాస్త రద్దీగానే ఉంది. ఆరు గంటలకి కార్యక్రమం మొదలయి ఉంటుంది అనుకుంది, ఆరున్నరకి ఆ పొడుగు వరస వచ్చి ఉంటుంది అనుకుంది. ఆ సమయంలో ఎవరికో టేపు చుడుతూ రెండుసార్లు అంకె మర్చిపోయి మళ్లీ కొలిచింది. ఏడున్నరకి అన్నయ్యకి ఫోను చేసింది.

"పాడిందా?"

"పాడింది."

"ఆ వరస... ఆగకుండా?"

"ఏ వరస? నాకేం తెలుసే అవన్నీ. చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను," అన్నాడు అన్నయ్య. వెనక ఎవరో నవ్వుతున్నారు, కుర్చీలు జరుపుతున్నారు. ఫోను వదినకి ఇవ్వమని అడగాలనిపించింది. అడగలేదు.

మర్నాడు పొద్దున వదినే చేసింది. వంటింటి కుళాయి కారుతోందని, టేపక్క షాపు వీధిలో ప్లంబర్ ఎవరైనా ఉన్నాడా అని అడిగింది. టేపక్క ఒక ప్లంబర్ నంబరు చెప్పింది. పాట ఊసు వదిన ఎత్తలేదు, ఆమె అడగలేదు. "తిన్నావా?" అని మాత్రం అడిగింది వదిన, ఫోను పెట్టేసే ముందు. టేపక్క తిన్నానని చెప్పబోయి ఆగి, ఇంకా లేదని నిజం చెప్పింది.